ట్రాన్స్‌ఫార్మర్ మూడు వారాలు ఆలస్యం: కొత్త తేదీలు చెప్పే ఒక నమూనా మెయిల్

సరఫరాదారు సరుకు ఆలస్యం చేస్తున్నాడని తెలిసిన రోజు ప్రాజెక్టు ఆఫీసు నుంచి వెళ్లే మెయిల్ చాలాసార్లు ఇలా ఉంటుంది: "వెండర్ వైపు కొన్ని అనివార్య కారణాల వల్ల ట్రాన్స్‌ఫార్మర్ రాక ఆలస్యమవుతోంది. సవరించిన షెడ్యూలు జతచేశాం. అందరూ సహకరించగలరు." జతచేసిన ఫైలులో మూడు వందల వరుసలు ఉంటాయి. ఏసీ కాంట్రాక్టరు తన మనుషులను ఏ రోజు దించాలో తెలుసుకోవాలంటే ఆ మూడు వందల వరుసల్లో తన వరుసను వెతుక్కోవాలి. చాలామంది వెతకరు. పాత తేదీకే వస్తారు, లేదా ఫోను చేస్తారు. ఒక్క మెయిల్ తేల్చవలసిన విషయానికి ఇరవై ఫోన్లు అవసరమవుతాయి.

అలాంటి మెయిల్‌లో ఏముండాలో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం. వంద పడకల ఆసుపత్రి భవనం పూర్తి కావస్తోంది. గోడలు, ఫ్లోరింగు, పైపులు దాదాపు అయిపోయాయి. శాశ్వత విద్యుత్తు ఇంకా రాలేదు. 11 కె.వి. లైను నుంచి కరెంటు తీసుకుని 433 వోల్టులకు తగ్గించే 1,000 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ జూన్ 29న సైటుకు చేరాలి, భవనాన్ని ఆగస్టు 17న యాజమాన్యానికి అప్పగించాలి. తేదీలన్నీ 2026 క్యాలెండరు ప్రకారం వేసినవి. సైటుకు ఆదివారాలు, ఆగస్టు 15 మాత్రమే సెలవు.

జూన్ 18న ఫ్యాక్టరీలో పరీక్షలు జరిగాయి. లోడు నష్టాలు, అంటే లోడు మోస్తున్నప్పుడు వేడిగా వృథా అయ్యే విద్యుత్తు, పరిమితి దాటాయి. ఈ స్థాయి ట్రాన్స్‌ఫార్మర్లకు వర్తించే ఐఎస్ 1180 ప్రమాణం 50 శాతం, 100 శాతం లోడు దగ్గర మొత్తం నష్టం ఎంతకు మించకూడదో నిర్ణయించింది. అది దాటిన యంత్రాన్ని "ఈసారికి సర్దుకుందాం" అని తీసుకోవడానికి వీల్లేదు. ట్యాంకు విప్పి, కాయిల్స్ మళ్లీ చుట్టి, కోర్ మీద అమర్చి, ఓవెన్‌లో ఆరబెట్టి, నూనె నింపి మళ్లీ పరీక్షించాలి. జూన్ 19న సరఫరాదారు ఉత్తరం వచ్చింది. కొత్త తేదీ జూలై 20. అంటే సరిగ్గా మూడు వారాల ఆలస్యం.

జూన్ 19 శుక్రవారం. మెయిల్ పంపవలసింది సోమవారం. మధ్యలో చేయవలసిన పని లెక్క కట్టడం. ఈ లెక్క కట్టకుండా ఉత్తరం అందిన గంటలోనే పంపే మెయిల్ సాధారణంగా ఏదో ఒక తప్పు చేస్తుంది. ఒకటి, మూడు వారాల ఆలస్యం కాబట్టి అన్ని తేదీలనూ మూడు వారాలు ముందుకు నెట్టి సెప్టెంబరు 7 అని రాసేస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం: "వేగం పెంచి పాత తేదీకే పూర్తి చేద్దాం" అంటుంది. ఈ రెండూ లెక్కలు కావు.

పాత వరుస ఇది. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక దిమ్మ మీద నిలబెట్టి కేబుళ్లు కలపడానికి ఆరు పనిదినాలు. సైటులో ఇన్సులేషన్, నూనె పరీక్షలకు మూడు. విద్యుత్ తనిఖీ అధికారి పరిశీలన, అనుమతికి పన్నెండు. లైను ఛార్జ్ చేయడానికి, అంటే అందులోకి కరెంటు వదలడానికి, ఒకటి. ఏసీకి నీటిని చల్లబరిచే చిల్లరు, గాలి యంత్రాలు నడిపి గాలి ప్రవాహాన్ని సరిచేయడానికి పది. ఆపరేషన్ థియేటర్ల ధ్రువీకరణకు ఐదు. గాలి, ఉపరితలాల కల్చర్ నివేదికలు వచ్చి అప్పగింత పూర్తి కావడానికి నాలుగు.

వీటిలో ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు అన్నదే అసలు ప్రశ్న. తనిఖీ అధికారి పన్నెండు రోజులు మన చేతిలో లేవు. అనుమతి లేకుండా ఛార్జ్ చేయడానికి భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. కాగితాలన్నీ ముందే సిద్ధం చేసి ఉంచవచ్చు, కానీ దాని వల్ల రోజులు తగ్గుతాయని షెడ్యూలులో రాసుకోకూడదు. కల్చర్ నివేదికలూ అంతే. ప్లేట్లలో సూక్ష్మజీవులు పెరగడానికి పట్టే సమయం మేనేజరు ఎంత గట్టిగా అడిగినా మారదు. థియేటర్ల ధ్రువీకరణలో ఫిల్టర్ల లీకు పరీక్ష, కణాల లెక్కింపు, గంటకు ఎన్నిసార్లు గాలి మారుతోందన్న కొలత ఉంటాయి. గంటకు కనీసం 20 సార్లు మారాలి. అవి ఒకదాని తర్వాత ఒకటి జరగవలసినవి కాబట్టి ఐదు రోజులు ఐదు రోజులే.

తగ్గేవి రెండే. కేబుళ్లు పరచడం, ఎర్త్ పిట్ల పని, ప్యానెల్ వైపు కనెక్షన్లు ట్రాన్స్‌ఫార్మర్ రాకముందే ముగించవచ్చు. అప్పుడు ఆరు రోజుల పని నాలుగవుతుంది. గాలి యంత్రాల మోటార్లు ఏ దిశలో తిరుగుతున్నాయో చూడటం, డక్టుల లీకు పరీక్ష, నీటి పైపులు కడగడం సైటులో ఇప్పటికే అనుమతితో నడుస్తున్న 125 కె.వి.ఎ. జనరేటరు మీద జూలైలోనే చేయవచ్చు. చిల్లరును ఆ జనరేటరు మోయలేదు. కాబట్టి పది రోజుల్లో నాలుగు మాత్రమే తగ్గుతాయి. మొత్తం ఆరు పనిదినాల లాభం. సెప్టెంబరు 7 నుంచి ఆరు పనిదినాలు వెనక్కి లెక్కపెడితే ఆగస్టు 31 వస్తుంది. సరఫరాదారు మూడు వారాలు ఆలస్యం చేశాడు, ప్రాజెక్టు రెండు వారాలు ఆలస్యమవుతుంది. ఈ వాక్యం రాయగలిగే స్థితికి వచ్చాకే మెయిల్ మొదలుపెట్టాలి.

మొదలుపెట్టే ముందు ఇంకో పని ఉంది. ఎవరి రోజులు తగ్గించామో వారితో మాట్లాడాలి. పది రోజుల పనిని ఆరు రోజుల్లో ముగించాలని ఏసీ కాంట్రాక్టరు మెయిల్‌లో మొదటిసారి చదివితే ఆ తేదీకి విలువ ఉండదు. శనివారం ఫోనులో అడిగితే, జూలై మొదటి వారంలో ఇద్దరు టెక్నీషియన్లు దొరకరని ఆయన చెప్పవచ్చు. అప్పుడు ఆ పనిని జూలై 13కు మార్చుకోవచ్చు. అలా మాట్లాడాక సోమవారం ఉదయం వెళ్లవలసిన మెయిల్ ఇది.

విషయం: అప్పగింత ఆగస్టు 17 నుంచి ఆగస్టు 31కి మారింది – షెడ్యూలు సవరణ 4 – జూన్ 27లోపు మీ స్పందన కావాలి

అందరికీ నమస్కారం.

ట్రాన్స్‌ఫార్మర్ జూన్ 29న కాకుండా జూలై 20న వస్తుందని సరఫరాదారు తెలిపారు. దానివల్ల భవనం అప్పగింత ఆగస్టు 17 నుంచి ఆగస్టు 31కి మారుతోంది. యాజమాన్యానికి సెప్టెంబరు 5 అని చెప్పాం. ఈ రెండు తేదీల మధ్య ఉన్న ఐదు పనిదినాలు మొత్తం ప్రాజెక్టుకు ఉమ్మడిగా ఉంచినవి. ఏ ఒక్క పనికీ కేటాయించలేదు.

కారణం: జూన్ 18న ఫ్యాక్టరీ పరీక్షలో లోడు నష్టాలు అనుమతించిన పరిమితి కంటే ఎక్కువ వచ్చాయి. కాయిల్స్ మళ్లీ చుట్టి, యంత్రాన్ని మళ్లీ పరీక్షించాలి.

ముఖ్యమైన తేదీలు (పాతది, తర్వాత కొత్తది):

ట్రాన్స్‌ఫార్మర్ సైటుకు రాక: జూన్ 29 – జూలై 20
నిలబెట్టడం, కేబుళ్లు కలపడం పూర్తి: జూలై 6 – జూలై 24
సైటు పరీక్షలు పూర్తి: జూలై 9 – జూలై 28
విద్యుత్ తనిఖీ అధికారి అనుమతి (అంచనా): జూలై 23 – ఆగస్టు 11
లైను ఛార్జింగ్: జూలై 24 – ఆగస్టు 12
ఏసీ వ్యవస్థ నడిపి సరిచేయడం పూర్తి: ఆగస్టు 5 – ఆగస్టు 20
ఆపరేషన్ థియేటర్ల ధ్రువీకరణ పూర్తి: ఆగస్టు 11 – ఆగస్టు 26
కల్చర్ నివేదికలు, అప్పగింత: ఆగస్టు 17 – ఆగస్టు 31

ఈ తేదీల్లో జూలై 20 సరఫరాదారు ఇచ్చిన మాట. అది నిలబడుతుందో లేదో ముందే తెలుసుకోవడానికి మూడు రోజులు చూస్తాం: జూలై 1న కొత్త కాయిల్స్ సిద్ధం కావాలి, జూలై 8న కోర్, కాయిల్స్ అమర్చి ఓవెన్‌లోకి వెళ్లాలి, జూలై 14న మళ్లీ పరీక్ష జరగాలి. మొదటి రెండు రోజుల్లో మన ఇంజినీరు ఫ్యాక్టరీకి వెళ్లి ఫోటోలు పంపుతారు, మూడో రోజు పరీక్షకు హాజరవుతారు. ఆ ప్రతి తేదీకి మరుసటి రోజు సాయంత్రం నా నుంచి మీకు మెయిల్ వస్తుంది, మార్పు లేకపోయినా సరే. ట్రాన్స్‌ఫార్మర్ రాక ఒక పనిదినం జరిగితే ఆ తర్వాతి తేదీలన్నీ ఒక పనిదినం జరుగుతాయి.

ఎవరికి ఏం మారుతోంది:

ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు: కేబుళ్లు, ఎర్త్ పిట్లు, ప్యానెల్ వైపు కనెక్షన్లు జూలై 18లోపు ముగించాలి. తనిఖీ దరఖాస్తుకు ట్రాన్స్‌ఫార్మర్ పరీక్ష పత్రం తప్ప మిగతా కాగితాలన్నీ అదే రోజుకు నాకు చేరాలి.

ఏసీ కాంట్రాక్టరు: మోటార్ల దిశ, డక్టుల లీకు పరీక్ష, పైపులు కడగడం జూలై 13 నుంచి 16 వరకు జనరేటరు మీద చేయాలి. చిల్లరు బృందం జూలై 25న కాకుండా ఆగస్టు 13న రావాలి. వారి రైలు టికెట్లు దయచేసి ఈ వారమే మార్చండి.

లిఫ్టుల కాంట్రాక్టరు: పని ఆగస్టు 13న మొదలై ఆగస్టు 22న ముగియాలి. మీ పని వల్ల అప్పగింత ఆగదు.

థియేటర్ల దీపాలు, టేబుళ్ల సరఫరా: జూలై 27న కాకుండా ఆగస్టు 17న తీసుకురండి. అంతకుముందు ఏసీ లేని గదుల్లో వాటిని ఉంచలేం.

సివిల్, పెయింటింగ్, ప్లంబింగ్, మెడికల్ గ్యాస్ పైపుల పనులకు ఏ తేదీ మారలేదు. పాత షెడ్యూలు ప్రకారమే ముగించండి.

అద్దె ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చే ఆలోచన పరిశీలించాం. దానికి వేరుగా తనిఖీ, అనుమతి కావాలి. శాశ్వత యంత్రం వచ్చాక అదే పని మళ్లీ చేయాలి. రోజులు కలిసిరావు కాబట్టి వద్దనుకున్నాం.

మీ తేదీలు వీలవుతాయో లేదో జూన్ 27 శనివారం మధ్యాహ్నంలోపు ఈ మెయిల్‌కు జవాబుగా తెలపండి. వీలుకాకపోతే ఎన్ని రోజులు కావాలో, ఎందుకో రాయండి. షెడ్యూలు సవరణ 4 ప్రాజెక్టు ఫోల్డరులో ఉంది. సవరణ 3ను అక్కడి నుంచి తీసేశాం.

ఈ మెయిల్ పని సమన్వయం కోసం మాత్రమే. సరఫరాదారుతో ఉన్న ఒప్పందం కింద మన హక్కుల గురించి వారికి వేరుగా నోటీసు వెళుతోంది.

ప్రాజెక్టు మేనేజర్

మెయిల్ పొడవుగా ఉందనిపించవచ్చు. కానీ ఏ ఒక్కరూ దీన్నంతా చదవనక్కర్లేదు. విషయం వరుస, మొదటి పేరా, తన పేరున్న రెండు వాక్యాలు చదివితే చాలు. ఫోనులో చదివేవారికి విషయం వరుసలోనే కొత్త తేదీ కనిపిస్తుంది. "షెడ్యూలు సవరణ గురించి" అని రాస్తే మెయిల్ తెరిచేదాకా ఏమీ తెలియదు. సైటులో దాన్ని ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం.

మొదటి పేరాలో రెండు తేదీలు ఎందుకు? దీని మీద ప్రాజెక్టు ఆఫీసుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. బృందానికి ఆగస్టు 31 చెప్పి, యాజమాన్యానికి సెప్టెంబరు 5 చెప్పి, ఆ తేడాను రహస్యంగా ఉంచాలనేవారు ఎక్కువ. ఐదు రోజులు ఉన్నాయని తెలిస్తే అందరూ వాడుకుంటారని వారి భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ రహస్యం నిలవదు. యాజమాన్యం ప్రతినిధి సైటుకు వచ్చి సెప్టెంబరు 5 అనగానే మేనేజరు చెప్పిన ప్రతి తేదీ వెనుకా ఇంకో తేదీ ఉంటుందని అందరూ అనుకుంటారు. ఆ తర్వాత ఆగస్టు 31 ఎవరికీ నిజమైన తేదీగా అనిపించదు. బయటపెట్టి, ఎవరికీ పంచకుండా చివర ఉంచిన ఐదు రోజులను కాపాడటం తేలిక. ఎవరు ఎన్ని రోజులు వాడారో అందరికీ కనిపిస్తుంది కనుక.

లిఫ్టుల వాక్యం చిన్నదే కానీ పనికొచ్చేది. పాత షెడ్యూలులో లిఫ్టుల పని జూలై 25న మొదలై ఎనిమిది పనిదినాల్లో, ఆగస్టు 3న ముగిసేది. అప్పగింత 17న. మధ్యలో వెసులుబాటు ఉంది. కొత్త షెడ్యూలులోనూ ఆగస్టు 22న ముగిసి 31 దాకా వెసులుబాటు ఉంది. అందుకే "మీ పని వల్ల అప్పగింత ఆగదు" అని రాశాం. ఇది రాయకపోతే లిఫ్టుల బృందం, ఏసీ బృందం ఆగస్టు 13 ఉదయం ఒకే కరెంటు కోసం, ఒకే ఎలక్ట్రీషియన్ కోసం వాదించుకుంటాయి. ఎవరిది ముందో ఆ వాక్యం తేల్చేసింది. ఏసీ ఒక రోజు జారితే అప్పగింత ఒక రోజు జారుతుంది. లిఫ్టు ఒక రోజు జారితే ఏమీ కాదు.

ఏ తేదీ మారలేదో చెప్పే వాక్యాన్ని ఎక్కువమంది మరిచిపోతారు. మరిచిపోతే దాని ఫలితం మెల్లగా కనిపిస్తుంది. అప్పగింత రెండు వారాలు ఆలస్యమైందని విన్న పెయింటింగ్ కాంట్రాక్టరు తన మనుషుల్లో సగం మందిని ఇంకో సైటుకు పంపిస్తాడు. ఆయన దృష్టిలో అది సరైన నిర్ణయమే, ఎందుకంటే ఎవరూ కాదనలేదు. ఆగస్టులో థియేటర్ల ధ్రువీకరణకు ముందు గదులు శుభ్రంగా, దుమ్ము లేకుండా ఉండాలి. అప్పటికి పెయింటు పని మిగిలి ఉంటే కణాల లెక్క తప్పుతుంది, ఐదు రోజుల ధ్రువీకరణ మళ్లీ మొదలవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ సంబంధమూ లేని పని చివరికి ట్రాన్స్‌ఫార్మర్ కంటే ఎక్కువ ఆలస్యం తెస్తుంది.

మెయిల్‌లో అన్నిటికంటే విలువైన పేరా జూలై 1, 8, 14 తేదీలది. జూలై 20 అనేది ఒక వాగ్దానం. ఒకసారి తప్పిన సరఫరాదారు రెండోసారి ఇచ్చిన వాగ్దానం. దాని మీద ఆగస్టు 31 వరకు అన్ని తేదీలూ ఆధారపడ్డాయి. అలాంటి తేదీని "జూలై 20 (తాత్కాలికం)" అని రాయడం వల్ల లాభం లేదు. తాత్కాలికం అన్న మాట చదివేవాడికి ఎప్పుడు, ఎలా, ఎంత మారవచ్చో చెప్పదు. జూలై 20 నిజమో కాదో జూలై 20నే తెలిస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. జూలై 1న తెలిస్తే దాదాపు మూడు వారాల సమయం ఉంటుంది. అందుకే ఫ్యాక్టరీలో కంటితో చూడగలిగే దశలను ఎంచుకోవాలి. "పని 60 శాతం అయింది" అని సరఫరాదారు చెప్పేది దశ కాదు, దాన్ని ఫోటో తీయలేం. చుట్టిన కాయిల్స్‌ను ఫోటో తీయవచ్చు. ఓవెన్‌లోకి వెళ్లిన యంత్రాన్ని ఫోటో తీయవచ్చు.

ఈ దశల్లో ఓవెన్ ప్రత్యేకమైనది. కాయిల్స్ చుట్టూ ఉండే కాగితం, ప్రెస్‌బోర్డు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఆ తేమను వేడితో తీసేయాలి. దానికి పట్టే సమయం ఉంది. ఆలస్యమైన సరఫరాదారు సమయం కలుపుకోవాలనుకుంటే ఎక్కువగా కన్ను పడేది ఈ ఆరబెట్టే దశ మీదే. తొందరగా తీసేస్తే పైకి ఏమీ తెలియదు. నూనె నింపాక ఇన్సులేషన్ విలువలు తక్కువ వస్తాయి. అప్పుడు జూలై 14 పరీక్ష మళ్లీ తప్పుతుంది, లేదా ఇంకా చెడ్డగా, అంతంతమాత్రంగా గట్టెక్కి సైటులో పరీక్షల దగ్గర దొరుకుతుంది. అందువల్ల జూలై 8న వెళ్లే ఇంజినీరు ఓవెన్‌లోకి వెళ్లిన సమయం రాసుకోవాలి. బయటికి తీసే సమయమూ అడిగి రాసుకోవాలి. రెండింటి మధ్య తేడా అంతకుముందు ఫ్యాక్టరీ చెప్పిన గంటల కంటే తగ్గితే జూలై 20 మీద నమ్మకం పెంచుకోకూడదు.

మెయిల్ చివరి పేరా గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అది మర్యాదకు పెట్టింది కాదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 55వ సెక్షన్ గడువు ప్రధానమైన ఒప్పందాల గురించి ఒక మాట చెబుతుంది. ఒప్పుకున్న సమయానికి పని జరగనప్పుడు, ఆలస్యంగా జరిగిన పనిని అవతలివారు స్వీకరిస్తే, స్వీకరించే సమయంలో నష్టపరిహారం అడుగుతామని నోటీసు ఇవ్వకపోతే ఆ ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు ఉండదు. ఇప్పుడు బృందానికి వెళ్లే మెయిల్‌లో "జూలై 20 తేదీకి మేము అంగీకరించాం" అనో, "కొత్త తేదీ ఖరారైంది" అనో రాశామనుకుందాం. ఆ మెయిల్ కాపీ సరఫరాదారుకు వెళుతుంది, లేదా ఎవరో ఫార్వర్డ్ చేస్తారు. రేపు పరిహారం లెక్కల దగ్గర ఆ వాక్యం వారి ఫైలులో నుంచి బయటికి వస్తుంది. అందుకే నమూనాలో "సరఫరాదారు తెలిపారు", "సరఫరాదారు ఇచ్చిన మాట" అన్నాం. అంగీకారం అన్న మాట ఎక్కడా లేదు. నోటీసు వేరుగా, ఒప్పందంలో చెప్పిన చిరునామాకు, చెప్పిన పద్ధతిలో వెళ్లాలి. బృందం మెయిల్ నోటీసు పని చేయదు.

దానికి రెండో వైపు కూడా ఉంది. ప్రధాన కాంట్రాక్టరు యాజమాన్యాన్ని గడువు పొడిగింపు అడగవలసి వస్తే దానికీ కాలపరిమితులు ఉంటాయి. ఉదాహరణకు నిర్మాణ ఒప్పందాలకు అంతర్జాతీయంగా నమూనాగా వాడే 1999 నాటి ఫిడిక్ ఒప్పంద పత్రాల 20.1 నిబంధన ప్రకారం విషయం తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. జూన్ 19న ఉత్తరం అందితే ఆ గడువు జూలై 17న ముగుస్తుంది, అంటే ట్రాన్స్‌ఫార్మర్ రాకముందే. సరఫరాదారు ఆలస్యానికి పొడిగింపు దొరుకుతుందా లేదా అన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కానీ "ముందు యంత్రం రానివ్వండి, తర్వాత చూద్దాం" అనుకున్నవారికి ఆ ప్రశ్న అడిగే అవకాశమే పోతుంది.

కారణం రాసిన పేరా ఎంత చిన్నదో కూడా గమనించాలి. పరీక్షలో ఏం జరిగింది, దానికి ఏం చేయాలి, అంతే. సరఫరాదారు నిర్లక్ష్యం, గతంలో చేసిన ఆలస్యాలు, కొనుగోలు విభాగం ఈ కంపెనీని ఎందుకు ఎంచుకుంది అన్న విషయాలు అందులో లేవు. కోపం నిజమే అయినా ఆ మాటల వల్ల ఎవరి తేదీ మారదు. పైగా జూలై 1న ఫ్యాక్టరీకి వెళ్లి ఫోటో తీయవలసిన మన ఇంజినీరు ముందు గేటు తెరవవలసింది ఆ సరఫరాదారు మనుషులే. అదే సమయంలో కారణాన్ని పూర్తిగా దాచడమూ మంచిది కాదు. "సాంకేతిక కారణాలు" అని రాస్తే బృందంలో ఎవరో యంత్రం కాలిపోయిందంటారు, ఇంకొకరు డబ్బు చెల్లించలేదంటారు. ఏసీ కాంట్రాక్టరు రెండో మాట నమ్మితే తన బిల్లుల గురించి ఆలోచించి మనుషులను తగ్గిస్తాడు.

సవరణ సంఖ్య విషయంలో సైటుల్లో జరిగే పొరపాటు ఒకటే, మళ్లీ మళ్లీ జరుగుతుంది. కొత్త షెడ్యూలును మెయిల్‌కు జతచేస్తారు. పాతది ఫోల్డరులో ఉంటుంది, గోడ మీద అంటించినది ఇంకా పాతది. జూలై చివరికి సైటులో మూడు షెడ్యూళ్లు నడుస్తుంటాయి. ఇది జరుగుతోందని తెలుసుకోవడం కష్టం కాదు. వారపు సమావేశంలో ఇద్దరు కాంట్రాక్టర్లను ఛార్జింగ్ తేదీ అడిగితే చాలు. ఇద్దరూ ఆగస్టు 12 అంటే ఒక షెడ్యూలు ఉంది. ఒకరు జూలై 24 అంటే రెండు ఉన్నాయి. ఫైలు జతచేయకుండా ఒకేచోట ఉంచి, పాతదాన్ని తీసేయడం వల్ల ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. గోడ మీది కాగితాన్ని ఎవరో ఒకరు వెళ్లి చించేయాలి, అంతే.

జూలైలో ఏం వస్తుందో కాదు, జూన్ 27న ఏం వచ్చిందో ముందు చూడాలి. జవాబు అడిగిన గడువు అది. నలుగురికి పనులు మారితే నాలుగు జవాబులు రావాలి. జవాబు రానివారు ఒప్పుకున్నట్టు కాదు, చదవలేదని అనుకోవాలి. శనివారం సాయంత్రం వారికి ఫోను చేసి, ఏం చెప్పారో రెండు వాక్యాల్లో అదే మెయిల్‌కు జవాబుగా రాసి పెట్టాలి.

ఆ తర్వాత జూలై 1 వస్తుంది. ఈ ఉదాహరణలో కాయిల్స్ ఆ రోజు సిద్ధం కాలేదనుకుందాం. మాట ఇచ్చినట్టే జూలై 2 సాయంత్రం మెయిల్ ఆ సంగతి చెబుతుంది. జూలై 3న అయ్యాయి. ఓవెన్ సమయంలో కలుపుకుని జూలై 20కే పంపిస్తామని సరఫరాదారు ఫోనులో చెప్పాడు. పైన చెప్పిన కారణం వల్ల ఆ మాట మీద షెడ్యూలు వేయకూడదు. రెండు పనిదినాలు జరిపి రాయాలి. జరిపితే ఛార్జింగ్ ఆగస్టు 14కు వెళుతుంది. చిల్లరు బృందం రెండు రోజులు కాదు, నాలుగు రోజులు జరగాలి, ఎందుకంటే 15 సెలవు, 16 ఆదివారం. మెయిల్ రాసేవారు పనిదినాలను క్యాలెండరు మీద వేలు పెట్టి లెక్కపెట్టకపోతే ఇలాంటి చోట తప్పు పడుతుంది. జూలై 4న వెళ్లే మెయిల్ చాలా చిన్నది:

విషయం: అప్పగింత ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 2కి – షెడ్యూలు సవరణ 5 – ఏసీ, ఎలక్ట్రికల్, లిఫ్టులు, థియేటర్ సామగ్రి చూడాలి

అందరికీ నమస్కారం. జూలై 1కి కావలసిన కాయిల్స్ జూలై 3న సిద్ధమయ్యాయి. ఫోటోలు ఫోల్డరులో ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ రాకను జూలై 22గా లెక్కిస్తున్నాం. యాజమాన్యానికి చెప్పిన సెప్టెంబరు 5 మారలేదు, ఉమ్మడి ఐదు రోజుల్లో మూడు మిగిలాయి. ఎలక్ట్రికల్: నిలబెట్టే పని జూలై 23 నుంచి 27 వరకు. ఏసీ: చిల్లరు బృందం ఆగస్టు 13న కాకుండా ఆగస్టు 17న రావాలి, జూలై 13 నుంచి 16 వరకు జనరేటరు మీద చేసే పని మారలేదు. లిఫ్టులు: పని ఆగస్టు 17న మొదలై 25న ముగియాలి. థియేటర్ సామగ్రి: ఆగస్టు 19. మిగతా ఎవరికీ మార్పు లేదు. ఓవెన్ దశ ఇప్పుడు జూలై 10న, మళ్లీ పరీక్ష జూలై 16న. తర్వాతి మెయిల్ జూలై 11న.